నోటీసు లేదు, లెటర్ లేదు, "రేపట్నుంచి రావొద్దు" అన్నారు: రిజిగ్నేషన్ రాసివ్వాలా?

ప్రశ్న: "మూడేళ్ల నాలుగు నెలలుగా ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్‌గా చేస్తున్నాను, జీతం నెలకు 26,000. పోయిన గురువారం సాయంత్రం హెచ్‌ఆర్ పిలిచి రేపట్నుంచి రావొద్దు అన్నారు. లెటర్ ఇవ్వలేదు, కారణం చెప్పలేదు. పోయిన నెల జీతం, ఈ నెల 11 రోజుల జీతం రావాలి, 18 లీవులు మిగిలి ఉన్నాయి. రిజిగ్నేషన్ రాసిస్తేనే సెటిల్‌మెంట్ అంటున్నారు. రాసివ్వాలా? అసలు నాకు హక్కులేమైనా ఉన్నాయా?"

జవాబు:

రాసివ్వకండి. ముందు ఈ ఒక్క మాట గట్టిగా పట్టుకోండి, మిగతాది తీరిగ్గా చదవొచ్చు. మీకు రావాల్సిన జీతం మీ రాజీనామా మీద ఆధారపడి లేదు, అది ఇప్పటికే మీ డబ్బు. రాజీనామా రాసిచ్చిన నిమిషం నుంచి చట్టం దృష్టిలో మిమ్మల్ని ఎవరూ తీసేయలేదు, మీ అంతట మీరే వెళ్లిపోయారు. అప్పుడు నోటీసు జీతం అడగలేరు, నష్టపరిహారం అడగలేరు, "నన్ను అన్యాయంగా తీసేశారు" అని లేబర్ ఆఫీసు మెట్లెక్కినా మొదటి ప్రశ్నకే మాట్లాడలేకపోతారు.

నేను లేబర్ కోర్టులో పద్దెనిమిదేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. అందులో మొదటి ఆరేళ్లు మేనేజ్‌మెంట్ల తరఫునే వాదించాను. కాబట్టి ఆ "రాసిస్తేనే సెటిల్‌మెంట్" అనే మాట ఎక్కడి నుంచి వస్తుందో నాకు బాగానే తెలుసు, ఒకప్పుడు అలా చెప్పమని సలహా ఇచ్చినవాళ్లలో నేనూ ఒకణ్ణి. వాళ్లకు ఆ కాగితం ఎందుకు కావాలో లెక్క వేసి చూపిస్తాను, మీకే అర్థమవుతుంది.

మీరు రాజీనామా చేస్తే వచ్చేది: పోయిన నెల జీతం 26,000, ఈ నెల 11 రోజులకు 9,500 చిల్లర, 18 లీవులకు రోజుకు 867 చొప్పున 15,600. మొత్తం 51,000 పైచిలుకు. వాళ్లే తీసేశారని తేలితే దీనికి నెల నోటీసు జీతం 26,000 కలుస్తుంది, తర్వాత సర్వీసు పరిహారం కలుస్తుంది. ఆ పరిహారం ఏడాదికి 15 రోజుల సగటు జీతం. పూర్తయిన ఏళ్లు మూడు, పైన ఉన్న నాలుగు నెలలు ఆరు నెలలు దాటలేదు కాబట్టి లెక్కలోకి రావు (అదే మూడేళ్ల ఏడు నెలలైతే నాలుగేళ్ల కింద లెక్కేసేవాళ్లు). అంటే 13,000 చొప్పున మూడేళ్లకు 39,000. అన్నీ కలిపితే 1,16,000 దాకా వస్తుంది. ఒక్క సంతకం ఖరీదు 65,000 అన్నమాట. దానితో పాటు కేసు వేసే హక్కు కూడా పోతుంది, నిజానికి వాళ్లకు భయం దాని గురించే. (మీ 26,000లో బేసిక్ ఎంత, అలవెన్సులు ఎంత అన్నదాన్ని బట్టి ఈ అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయి. లీవుల డబ్బు మీ కంపెనీ లీవు రూల్స్‌ను బట్టి కూడా మారొచ్చు. పేస్లిప్ దగ్గర పెట్టుకుని మళ్లీ వేసుకోండి.)

ఇప్పుడు చట్టం ఏమంటుందో చెప్తాను, వీలైనంత తక్కువలో.

2025 నవంబర్ 21 నుంచి 29 పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. మీ విషయంలో పనికొచ్చేవి రెండు. ఒకటి 2019 వేతనాల కోడ్, రెండోది 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్. అంతకుముందు తీసేసినవాళ్లకు 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం వర్తిస్తుంది. కానీ నోటీసు, పరిహారం విషయంలో రెండింటి సారం దాదాపు ఒకటే, కాబట్టి "చట్టం మారిపోయింది, ఇప్పుడు అవేం లేవు" అని ఎవరైనా హెచ్‌ఆర్ చెప్తే నమ్మకండి. ఈ మధ్య ఆ మాట చాలామంది నోట వింటున్నాను.

జీతం సంగతి. ఉద్యోగిని తీసేసినా, తనే మానేసినా, కంపెనీ మూసేసినా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలని వేతనాల కోడ్ 17వ సెక్షన్ చెప్తోంది. 45 రోజుల ఫుల్ అండ్ ఫైనల్ సైకిల్ అనేది కంపెనీలు అలవాటు చేసుకున్నది, చట్టంలో ఉన్నది కాదు. పాత చట్టంలో ఈ రక్షణ నెలకు 24,000 లోపు జీతం ఉన్నవాళ్లకే ఉండేది, ఇప్పుడు ఆ పరిమితి తీసేశారు, మేనేజర్లకు కూడా వర్తిస్తుంది. ఇవ్వకపోతే క్లెయిమ్ వేసుకోవడానికి మూడేళ్ల గడువుంది. అధికారి అసలు డబ్బు ఇప్పించడంతో పాటు దానికి పది రెట్ల వరకు పరిహారం కూడా వేయొచ్చు. పది రెట్లు వేస్తారని ఆశ పెట్టుకోకండి, అది గరిష్ఠ పరిమితి మాత్రమే. నాకు నచ్చేది దానికన్నా ఇంకో చిన్న విషయం. జీతం ఇచ్చామని రుజువు చేసుకోవాల్సింది కంపెనీయే, ఇవ్వలేదని మీరు నిరూపించక్కర్లేదు.

ఉద్యోగం సంగతి. ఏడాది సర్వీసు ఉన్న వర్కర్‌ను తీసేయాలంటే కారణం రాసి నెల రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, లేదా నోటీసు బదులు నెల జీతం చేతిలో పెట్టాలి, పైన చెప్పిన పరిహారం ఇవ్వాలి, ప్రభుత్వానికి తెలియజేయాలి. ఇక్కడ ఏడాది అంటే వెనకటి పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేసి ఉంటే చాలు, ఆదివారాలు, జీతంతో కూడిన సెలవులు కూడా అందులో కలుస్తాయి. ఇది కంపెనీ మీకు బాకీ పడిన డబ్బు అని మాత్రమే అనుకోకండి. ఇవి తీసేయడానికి ముందు తీర్చాల్సిన షరతులు. తీర్చకుండా తీసేస్తే ఆ తీసేయడమే చెల్లదు. తర్వాత ఆరు నెలలకు చెక్కు పంపినా ఆ లోపం పోదు.

ఒకవేళ వాళ్లు "డబ్బు గోల్‌మాల్ చేశారు, ఆదేశాలు వినలేదు" లాంటి కారణం పైకి తెస్తే దారి వేరు. అప్పుడు చార్జిషీటు ఇవ్వాలి, మీ వివరణ తీసుకోవాలి, విచారణ పెట్టాలి, సాక్షుల్ని మీరు ప్రశ్నించే అవకాశం ఇవ్వాలి. ఇవేవీ లేకుండా గేటు బయట నిలబెట్టడం కుదరదు. అయితే ఒక విషయం దాచకుండా చెప్పాలి: విచారణ జరపని కంపెనీ కూడా కోర్టులో మొదటిసారిగా సాక్ష్యం పెట్టి మీ తప్పును రుజువు చేసుకోవచ్చు. నిజంగా తప్పేదైనా జరిగి ఉంటే మీ లాయరుకు ముందే చెప్పండి, అవతలి పక్షం నోట విన్నప్పుడు మా ముఖం ఎలా ఉంటుందో మీకు తెలియదు.

ఇక అసలు విషయానికి వస్తాను. మీలాంటి కేసుల్లో చట్టం బలహీనంగా ఉండదు. కాగితం ఉండదు, అదీ సమస్య.

నోటితో తీసేసిన కంపెనీ కోర్టులో ఏమంటుందో తెలుసా? "మేం తీసేయలేదండీ, ఆయనే రావడం మానేశారు." నూటికి తొంభై కౌంటర్లలో, అంటే కంపెనీలు కోర్టులో వేసే రాత జవాబుల్లో, ఇదే వాక్యం ఉంటుందని నా అంచనా, నేనే చాలా రాశాను. ఇంకో నాలుగు రోజులు ఆగండి, మీకు ఒక మెయిలో పోస్టో వస్తుంది. "మీరు ఫలానా తేదీ నుంచి అనుమతి లేకుండా గైర్హాజరు అవుతున్నారు, వెంటనే డ్యూటీలో చేరండి" అని. అది చూసి చాలామంది "వాళ్లే కదా వద్దన్నారు, మళ్లీ ఈ లెటరేంటి" అని కోపంతో పక్కన పడేస్తారు. అలాంటివి రెండు మూడు పంపి, జవాబు రాలేదని చూపించి, "ఉద్యోగం వదిలేసి వెళ్లిపోయారు" అని ఫైలు మూసేస్తారు. విచారణ లేకుండా అలా పేరు కొట్టేయడం చెల్లదని సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది. కానీ ఆ మాట మీ దాకా రావడానికి ఏళ్లు పడుతుంది, ఈలోగా భారమంతా మీ మీదే ఉంటుంది.

అందుకే ఈ రోజే చేయాల్సిన పని ఒకటుంది. వాళ్లు నోటితో చేసినదాన్ని మీరు కాగితం మీదికి తేవాలి. వీలైతే రేపు పొద్దున మామూలు టైముకు ఆఫీసుకు వెళ్లండి. లోపలికి పంపకపోతే గొడవ పెట్టుకోకండి, అక్కడి నుంచే మెయిల్ కొట్టండి. హెచ్‌ఆర్‌కు, మీ మేనేజరుకు, కంపెనీ పెద్దవాళ్లలో ఎవరి ఐడీ తెలిస్తే వాళ్లకు. మీ పర్సనల్ మెయిల్ నుంచే పంపండి, ఆఫీసు మెయిల్ ఏ నిమిషమైనా ఆపేస్తారు. ఇంత రాస్తే చాలు:

"ఫలానా తేదీ సాయంత్రం ఇన్ని గంటలకు హెచ్‌ఆర్ నుంచి ఫలానావారు నన్ను పిలిచి రేపటి నుంచి రావద్దని నోటిమాటగా చెప్పారు. ఎలాంటి ఉత్తర్వు, కారణం రాతపూర్వకంగా ఇవ్వలేదు. ఈ రోజు ఇన్ని గంటలకు డ్యూటీకి వచ్చాను, లోపలికి అనుమతించలేదు. నేను రాజీనామా చేయలేదు, చేసే ఉద్దేశమూ లేదు. డ్యూటీ చేయడానికి సిద్ధంగా ఉన్నాను. నన్ను తొలగించి ఉంటే ఉత్తర్వును, కారణాలను రాతపూర్వకంగా ఇవ్వండి. నాకు రావలసిన జీతం వెంటనే చెల్లించండి."

అంతే. "మీరు మోసగాళ్లు", "మీ సంగతి తేలుస్తా", "ఇన్నేళ్లు గాడిద చాకిరీ చేశాను" లాంటివి ఒక్కటి కూడా వద్దు. ఈ మెయిల్‌ను రేపు చదవబోయేది హెచ్‌ఆర్ ఒక్కరే కాదు, మధ్యవర్తి అధికారి, జడ్జి కూడా చదువుతారు. తెలుగులో రాసినా పర్వాలేదు, నా క్లయింట్లలో సగం మంది తెలుగులోనే రాస్తారు. అదే కాపీని కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు అడ్రసుకు స్పీడ్ పోస్టులో, డెలివరీ రుజువు తీసుకుని పంపండి. (పాత రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు. కౌంటరు దగ్గర అది లేదంటే కంగారు పడకండి.) వాళ్లు తీసుకోకుండా కవరు వెనక్కి వస్తే దాన్ని విప్పకండి. "తీసుకోవడానికి నిరాకరించారు" అని పోస్ట్‌మ్యాన్ రాసిన ఆ సీలు కవరు మీ సాక్ష్యాల్లో కాస్త బలమైనదే. కోర్టులో జడ్జి ముందు విప్పేదాకా అలాగే ఉంచాలి. ఒకాయన ఆత్రంగా విప్పేసి, లోపల ఏముందో చూసుకుని (తను పంపిందే కదా!) కవరు చెత్తబుట్టలో పడేసి, ఉత్తరం మాత్రం భద్రంగా ఫైల్ చేసి తెచ్చాడు.

ఇది ఎంత తేడా చూపిస్తుందో రెండు కేసులు చెప్తాను.

ఒక ఆస్పత్రి రిసెప్షన్‌లో చేసే అమ్మాయి. నాలుగున్నరేళ్ల సర్వీసు. ఒక రోజు పొద్దున కార్డు స్వైప్ చేస్తే మెషిన్ ఎర్రలైటు చూపించింది. సెక్యూరిటీ అతను తెలిసినవాడే, "మేడమ్, పేరు తీసేశారంట, లోపలికి పంపొద్దన్నారు" అని తలదించుకున్నాడు. ఆ అమ్మాయి ఏడుస్తూ ఇంటికి వెళ్లిపోలేదు. ఆ మెషిన్ స్క్రీన్ ఫోటో తీసింది, బయట టీ బండి దగ్గర నిలబడి 9:40కి హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టింది. అయిదు వాక్యాలు. యాజమాన్యం తర్వాత ఇరవై పేజీల కౌంటరు వేసింది, మామూలే, "రావడం మానేసింది, మూడుసార్లు నోటీసులు పంపాం" అని. వాళ్ల మొదటి నోటీసు తేదీ ఆ మెయిల్‌కు పదకొండు రోజుల తర్వాతది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో నేను వేసిన ముఖ్యమైన ప్రశ్న ఒక్కటే: ఆ మెయిల్ మీకు చేరిందా లేదా? చేరింది అన్నాడు హెచ్‌ఆర్ మేనేజరు. జవాబిచ్చారా? ఇవ్వలేదు. దాంతో ఆ కేసు చాలావరకు తేలిపోయింది.

రెండో అతను గోడౌన్ సూపర్‌వైజర్, ఎనిమిదేళ్ల సర్వీసు. "కాగితం రాసివ్వు, సాయంత్రానికి నీ అకౌంట్‌లో మూడు లక్షలు పడతాయి" అన్నారు. రాసిచ్చాడు. పైగా వాళ్లు చెప్పినట్టే "వ్యక్తిగత కారణాల వల్ల" అని సొంత చేతిరాతతో. నాలుగు నెలలు తిరిగితే లక్ష పదివేలు వచ్చింది. నా దగ్గరకు వచ్చేసరికి ఏడాది దాటింది. బలవంతంగా రాయించుకున్నారని వాదించాం, కానీ ఏడాది పాటు ఒక్క మెయిల్ కూడా పెట్టని మనిషిని బలవంతం చేశారంటే ఎవరు నమ్ముతారు? చివరికి గ్రాట్యుటీ మాత్రం ఇప్పించగలిగాం. అది అయిదేళ్లు దాటినవాళ్లకు రాజీనామా చేసినా ఇవ్వాల్సిందే.

ఇప్పటికే రాసిచ్చేసినవాళ్లు ఇది చదువుతుంటే: ఆ రోజే, కుదరకపోతే మర్నాడు, "నిన్న నాచేత ఒత్తిడి పెట్టి రాయించుకున్నారు, దాన్ని ఉపసంహరించుకుంటున్నాను" అని మెయిల్ పెట్టండి. రెండు రోజుల్లో పెట్టిన మాటకు ఉన్న విలువ రెండు నెలల తర్వాత ఉండదు.

మెయిల్ పంపాక ఏం చేయాలి? ఒక వారం, పది రోజులు చూడండి. తర్వాత మీ ఏరియా లేబర్ ఆఫీసుకు వెళ్లి రెండు వేర్వేరు అర్జీలు ఇవ్వండి. ఒకటి జీతం, లీవుల డబ్బు కోసం. రెండోది ఉద్యోగం నుంచి అక్రమంగా తీసేసినందుకు మధ్యవర్తిత్వం కోరుతూ. రెండూ కలిపి ఒకే కాగితం మీద రాస్తే జీతం బాకీ ఇప్పించి "సెటిల్ అయింది" అని ఫైలు మూసే ప్రమాదం ఉంది, నేను రెండు మూడుసార్లు చూశాను. రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోకుండా కదలకండి. మధ్యవర్తిత్వానికి ఫీజు ఉండదు, లాయరూ అక్కర్లేదు, మీరే మాట్లాడుకోవచ్చు. బ్యాంకులు, ఇన్సూరెన్సు కంపెనీలు, రైల్వే లాంటి వాటిలో చేసేవాళ్లు మాత్రం రాష్ట్ర లేబర్ ఆఫీసుకు కాదు, కేంద్ర లేబర్ కమిషనర్ ఆఫీసుకు వెళ్లాలి.

అక్కడ అధికారి కంపెనీని పిలుస్తారు. మొదటి వాయిదాకు ఎవరూ రారు, రెండోదానికి టైము అడుగుతారు, మూడోదానికి హెచ్‌ఆర్ వచ్చి "మేం ఇచ్చేయడానికి రెడీ సార్" అంటారు. ఇందులో టెన్షన్ పడాల్సిందేమీ లేదు. సగానికి పైగా కేసులు నా అనుభవంలో ఈ దశలోనే తెగుతాయి, ఎందుకంటే కోర్టుకు వెళ్తే ఖర్చు వాళ్లకూ ఉంటుంది. తెగకపోతే మధ్యవర్తిత్వం విఫలమైందని అధికారి నివేదిక ఇస్తారు. అది అందిన 90 రోజుల్లో ట్రిబ్యునల్లో వేసుకోవాలి. ఇంకో గడువు కూడా గుర్తుంచుకోండి. పాత చట్టంలో తీసేసిన రోజు నుంచి మూడేళ్ల దాకా టైము ఉండేది, కొత్త కోడ్‌లో రెండేళ్లు దాటితే మధ్యవర్తి అధికారి అసలు తీసుకోకూడదు. ఇంటర్నెట్‌లో పాత వ్యాసాలు చదివి మూడేళ్లు ఉన్నాయిలే అనుకునేవాళ్లు జాగ్రత్త.

మీ డిజిగ్నేషన్ గురించి అడగలేదు గానీ చెప్పాల్సిందే, రేపు వాళ్లు లేవనెత్తేది అదే. "ఎగ్జిక్యూటివ్ అంటే వర్కర్ కాదు, లేబర్ చట్టం వర్తించదు" అంటారు. విజిటింగ్ కార్డు మీద ఏముందో ఎవరికీ అక్కర్లేదు, రోజూ చేసే పని ఏమిటన్నదే లెక్క. మీరు వోచర్లు ఎంట్రీ చేయడం, బిల్లులు సరిచూడటం, జీఎస్టీ రిటర్నులకు లెక్కలు తీయడం చేస్తుంటే అది క్లరికల్ పని, అందులో జీతం పరిమితి లేదు. మీ కింద నలుగురుండి, వాళ్లకు సెలవులు మంజూరు చేస్తూ, పని పంచుతూ ఉంటే అది సూపర్‌వైజరీ పని, అప్పుడు నెలకు 18,000 దాటితే వర్కర్ నిర్వచనంలోకి రారు. కాబట్టి రోజూ ఏం చేసేవారో చూపించే మెయిల్స్ నాలుగైదు దగ్గర పెట్టుకోండి. (కంపెనీ రహస్య డేటా ఏదీ డౌన్‌లోడ్ చేయకండి, అది వాళ్లకు ఉచితంగా చార్జిషీటు ఇచ్చినట్టే. మీకు పని చెప్పిన మెసేజ్‌లు చాలు.)

వర్కర్ కిందికి రానివాళ్ల దారి కూడా పూర్తిగా మూసుకుపోలేదు. ఆంధ్ర, తెలంగాణల్లో 1988 షాపులు, సంస్థల చట్టం 47వ సెక్షన్ ఉంది. ఆరు నెలలు నిండిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా, నెల రోజుల రాతపూర్వక నోటీసో నెల జీతమో ఇవ్వకుండా తీసేయకూడదు. దాని మీద లేబర్ శాఖ అధికారి దగ్గరే అప్పీలు వేసుకోవచ్చు, కానీ రెండు నెలలు దాటనివ్వకండి. నిజంగా పెద్ద మేనేజరు స్థాయి వాళ్లకైతే అది కూడా కష్టం. వాళ్లకు మిగిలేది అపాయింట్‌మెంట్ లెటరులో రాసుకున్న నోటీసు కాలపు జీతం, సివిల్ కోర్టు. మళ్లీ ఉద్యోగంలో పెట్టమని సివిల్ కోర్టు సాధారణంగా చెప్పదు.

మీరు ఎంత ఆశించొచ్చు అన్నది కూడా నిజం చెప్తాను. తీసేయడం చెల్లదని తేలితే తిరిగి ఉద్యోగం, మధ్యకాలపు జీతం ఇవ్వడమే మామూలు పద్ధతి అని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. కానీ కోర్టులు అన్నిసార్లూ ఉద్యోగం ఇప్పించవు, తక్కువ సర్వీసు ఉన్నవాళ్లకు ఒకేసారి కొంత మొత్తం ఇచ్చి సరిపెట్టడం ఎక్కువగా చూస్తున్నాను. కేసు రెండు మూడేళ్లు పట్టొచ్చు, పైన హైకోర్టుకు వెళ్తే ఇంకా ఎక్కువ. మీది మూడేళ్ల సర్వీసు. నా సలహా అడిగితే మధ్యవర్తిత్వంలో 1,16,000కు తోడు ఇంకో రెండు మూడు నెలల జీతం వచ్చేలా మాట్లాడి, రిలీవింగ్ లెటర్‌తో బయటపడటం మంచిది. వాళ్లు 51,000 దగ్గరే బిగుసుకుని కూర్చుంటే అప్పుడు ట్రిబ్యునల్.

డబ్బు కొంత అకౌంట్‌లో వేస్తే? ఉంచుకోండి, వెనక్కి పంపాల్సిన పనిలేదు. "బాకీలో కొంతభాగంగా, నా మిగతా హక్కులు వదులుకోకుండా తీసుకుంటున్నాను" అని ఆ రోజే మెయిల్ పెట్టండి. "ఇక నాకేమీ రావలసింది లేదు" అనే కాగితం మీద మాత్రం సంతకం వద్దు. తప్పనిసరైతే సంతకం పక్కనే అదే మాట చేత్తో రాసి ఫోటో తీసుకోండి. ల్యాప్‌టాప్, ఐడీ కార్డు, తాళాలు మీ దగ్గరుంటే ఇచ్చేసి రసీదు తీసుకోండి. "ల్యాప్‌టాప్ ఇవ్వలేదు కాబట్టి జీతం ఆపాం" అనే సాకు వాళ్లకు మిగల్చొద్దు. హెచ్‌ఆర్‌తో నడిచిన వాట్సాప్ చాట్ ఉన్న ఫోన్ అమ్మకండి, ఫార్మాట్ చేయకండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు, అవసరమైతే అసలు ఫోన్‌తో పాటు 2023 సాక్ష్యాధార చట్టం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాల్సి వస్తుంది.

పీఎఫ్ పాస్‌బుక్ కూడా ఒకసారి చూసుకోండి. జీతంలో కోసిన నెలలన్నీ జమయ్యాయా లేదా అని. జమ కాకపోతే అది ఇంకో ఫిర్యాదు, పీఎఫ్ ఆఫీసు పోర్టల్లో వేరేగా పెట్టాలి. కంపెనీ మీ ఆఖరి తేదీ నమోదు చేయకుండా సతాయిస్తే, చివరి జమ తర్వాత రెండు నెలలు దాటాక మీరే ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు. దానికి వాళ్ల సంతకం అక్కర్లేదు. కాకపోతే అక్కడ వాళ్లు ముందే ఏదైనా తేదీ, "రాజీనామా" అని కారణం ఎక్కించారేమో చూడండి. ఎక్కించి ఉంటే స్క్రీన్‌షాట్ తీసి, అది తప్పని మెయిల్ పెట్టండి.

ఈలోగా వేరే ఉద్యోగం వస్తే చేరిపోండి, కేసు పోదు. దాచడం మాత్రం వద్దు. ఒక క్లయింటు రెండేళ్లు ఖాళీగా ఉన్నానని ప్రమాణపత్రం ఇచ్చాడు, అవతలివాళ్లు అతని పీఎఫ్ రికార్డు తెప్పించి బల్ల మీద పెట్టారు. ఆ నెలల జీతం పోతే పోయింది, అతను చెప్పిన మిగతా మాటలు కూడా ఆ తర్వాత ఎవరూ నమ్మలేదు.

మెయిల్ పంపాక వాళ్ల నుంచి జవాబేమైనా వస్తే పేర్లు, కంపెనీ పేరు తీసేసి ఇక్కడే పెట్టండి, ఏం రాయాలో చెప్తాను. "డ్యూటీలో చేరండి" అని వస్తే మాత్రం నా కోసం ఆగకండి, మర్నాడే వెళ్లి గేటు దగ్గర నిలబడండి.